7 కిలోలకు 40 గళ్ళు

ఇంజనీరింగ్‌లో ఆల్గోరిథమ్స్ చదివినవాళ్ళందరికీ ఒక స్లయిడ్ గుర్తుండే ఉంటుంది. పైన `0/1 Knapsack` అని శీర్షిక, కింద గళ్ళ పట్టిక. బటన్ నొక్కినకొద్దీ ఒక్కో గడిలో ఒక్కో అంకె వచ్చి పడుతుంది. మొదట అన్నీ సున్నాలు, తర్వాత కొన్ని ఏళ్ళు, తొమ్మిదులు, చివరికి కింద కుడిమూలన జవాబు. పిల్లలు ఆ అంకెల్ని చకచకా నోట్సులోకి ఎక్కించుకుంటారు. పరీక్షలో అదే లెక్కను అంకెలు మార్చి ఇస్తే పట్టిక నింపేస్తారు కూడా. కానీ మధ్యలో ఒక గడి మీద వేలుపెట్టి “ఈ 9 ఎందుకొచ్చింది? ఇది దేనికి జవాబు?” అని అడిగితే క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

ఈ పాఠం చెప్పేదాన్ని కాబట్టి నాకో గట్టి అభిప్రాయం ఉంది. ఆ స్లయిడ్‌లో అంకెల కంటే ముందు చూడాల్సింది ప్రతి గడీ అడుగుతున్న ప్రశ్నను. ప్రశ్న అర్థమైతే అంకె దానంతటదే వస్తుంది. ప్రశ్న తెలియకుండా నింపిన పట్టిక వల్ల మార్కులు వస్తాయేమో గానీ, ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఎప్పటికీ తెలియదు. కంప్యూటర్ చదువుతో సంబంధం లేనివాళ్ళకు కూడా ఇది పూర్తిగా అర్థమయ్యే విషయమే. కావలసిందల్లా కూడికలు, రెండంకెల్లో ఏది పెద్దదో చెప్పగలగడం.

మనకు బాగా తెలిసిన సందర్భమే తీసుకుందాం. అమెరికాలో ఎం.ఎస్. చేయడానికి ఒక అమ్మాయి బయల్దేరుతోంది. విమానంలో వేసే పెట్టె 23 కిలోలు దాటకూడదు. బట్టలు, పుస్తకాలు సర్దాక ఇంకా 7 కిలోలకు చోటుంది. ఇంట్లో నాలుగు వస్తువులు వరుసలో ఉన్నాయి. కందిపొడి పొట్లం 2 కిలోలు, ఆవకాయ డబ్బా 3 కిలోలు, అరిసెల డబ్బా 4 కిలోలు, ప్రెషర్ కుక్కర్ 5 కిలోలు. అన్నీ కలిపితే 14 కిలోలు, కాబట్టి అన్నీ పట్టవు. ఏది ఎంత అవసరమో ఆ అమ్మాయే మార్కులు వేసింది. కందిపొడికి 7, ఆవకాయకు 9, అరిసెలకు 11, కుక్కర్‌కు 12. ఏ డబ్బానూ విప్పి సగం తీయడానికి లేదు. తీసుకుంటే మొత్తం తీసుకోవాలి, లేదంటే వదిలేయాలి. శీర్షికలోని 0/1కు అర్థం ఇదే. 7 కిలోలు దాటకుండా మొత్తం మార్కులు ఎక్కువయ్యేలా ఏమేం సర్దాలన్నది ప్రశ్న.

ఎవరికైనా ముందు తట్టేది, ఎక్కువ మార్కులున్న వస్తువును మొదట పెట్టేయడం. అలాగే చేస్తే 12 మార్కుల కుక్కర్ ఎక్కుతుంది, 2 కిలోల చోటు మిగులుతుంది, అందులో కందిపొడి పడుతుంది. మొత్తం 19. కొంచెం ఆలోచించేవాళ్ళు కిలోకు ఎన్ని మార్కులో చూస్తారు. ఆ లెక్కన కందిపొడి అన్నిటికంటే ముందుంటుంది, కిలోకు మూడున్నర. తర్వాత ఆవకాయ, కిలోకు మూడు. ఆ రెండూ పెడితే 5 కిలోలకు 16 మార్కులు వచ్చాయి, ఇంకా 2 కిలోల చోటుంది, అందులో పట్టే వస్తువే లేదు. తెలివైనదిగా కనిపించిన పద్ధతి మొదటిదాని కంటే తక్కువ తెచ్చింది. నిజానికి ఇందులో వచ్చే అత్యధిక మార్కులు 20. రెండు దారులూ దాన్ని తప్పిపోయాయి.

బియ్యం, పప్పు, పంచదార లాగా కొలిచి కొంత తీసుకోగల సరుకులైతే రెండో దారే సరైనది. కిలోకు ఎక్కువ మార్కులున్నవాటిని ముందు నింపుకుంటూ పోయి, చివరి సరుకును పట్టినంత పోస్తే చాలు. జార్జ్ డాంట్‌జిగ్ 1957లో ఈ సంగతిని చూపించాడు. విప్పడానికి వీల్లేని డబ్బాల దగ్గరే చిక్కంతా వస్తుంది. చివర మిగిలిపోయే ఆ 2 కిలోల ఖాళీ, ముందు చేసిన ఎంపికలన్నిటినీ తిరగతోడుతుంది.

పట్టిక ఇక్కడ అక్కరకొస్తుంది. అడ్డవరుసలకు వస్తువుల పేర్లు పెడదాం, అన్నిటికంటే పైన “ఏమీ లేదు” అనే వరుస. నిలువువరుసలకు 0 నుంచి 7 దాకా కిలోలు. అంటే 5 వరుసలు, 8 నిలువులు, మొత్తం 40 గళ్ళు. ఇప్పుడు ఏ గడి మీదైనా వేలు పెట్టండి. ఆ గడి అడిగే ప్రశ్న ఇది: “ఈ వరుస దాకా ఉన్న వస్తువులే మన దగ్గర ఉన్నాయనుకో, సంచి ఈ నిలువుకు పైన రాసినన్ని కిలోలే మోస్తుందనుకో. అప్పుడు ఎక్కువలో ఎక్కువ ఎన్ని మార్కులు వస్తాయి?”

అడిగిన పెద్ద ప్రశ్న కింద కుడిమూల గడిలో ఉంది. నాలుగు వస్తువులు, 7 కిలోలు. మిగతా 39 గళ్ళలో ఉన్నవి ఎవరూ అడగని చిన్న ప్రశ్నలు. ఆవకాయ దాకానే చూసి, 3 కిలోల సంచి ఉంటే ఎంత అన్నది అలాంటిదే. ఎవరికీ 3 కిలోల సంచి అక్కర్లేదు. అయినా దానికి జవాబు రాసి పెట్టుకుంటాం. ఎందుకో కాసేపట్లో కనిపిస్తుంది.

గడిని నింపే పద్ధతి ఒక్కటే. వరుసలోని వస్తువును వదిలేయవచ్చు, అప్పుడు జవాబు సరిగ్గా పై గడిలో ఉన్నదే. లేదా తీసుకోవచ్చు. తీసుకుంటే దాని మార్కులు వస్తాయి, దాని బరువు మేరకు చోటు తగ్గుతుంది. మిగిలిన చోటులో పై వస్తువులతో ఎంత సాధించవచ్చో పైవరుసలోనే రాసి ఉంటుంది, అన్ని గళ్ళు ఎడమకు జరిగి చూస్తే చాలు. ఈ రెండింటిలో పెద్దదాన్ని రాయాలి. వస్తువు సంచి కంటే బరువైతే తీసుకునే మాటే లేదు, పై గడిని దించేయడమే.

కందిపొడి వరుసతో మొదలుపెడదాం. 0, 1 కిలోల దగ్గర అది పట్టదు, సున్నాలు. 2 కిలోల నుంచి చివరిదాకా అన్నీ 7. ఉన్నది ఒక్క పొట్లమే కాబట్టి సంచి ఎంత పెద్దదైనా 7 కంటే ఎక్కువ రాదు.

ఆవకాయ వరుస. 2 కిలోల దాకా డబ్బా పట్టదు, పైన ఉన్నవే దిగుతాయి: 0, 0, 7. 3 కిలోల గడి దగ్గర వదిలేస్తే 7, తీసుకుంటే 9, చోటేమీ మిగలదు. కాబట్టి 9. క్లాసులో నేను వేలుపెట్టి అడిగే 9 ఇదే. 4 కిలోల దగ్గర కూడా 9, ఎందుకంటే మిగిలిన ఒక్క కిలోలో కందిపొడి పట్టదు. 5 కిలోల దగ్గర డబ్బా పెడితే 2 కిలోలు మిగులుతాయి, పైవరుసలో 2 కిలోల కింద 7 ఉంది, 9కి 7 కలిపితే 16. అక్కడి నుంచి చివరిదాకా 16.

అరిసెల వరుసలో చివరి గడి దగ్గర కాస్త నిలబడాలి, ఈ స్లయిడ్ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గడి అది. 7 కిలోలు. అరిసెలు వదిలేస్తే పైన ఉన్న 16, అంటే కందిపొడి, ఆవకాయ. అరిసెలు తీసుకుంటే 11 మార్కులు, 3 కిలోలు మిగిలాయి. పైవరుసకు వెళ్ళి నాలుగు గళ్ళు ఎడమకు జరిగితే 3 కిలోల గడి వస్తుంది. అక్కడ ఉన్నది 9. ఎవరూ అడగని ఆ చిన్న ప్రశ్నకు రాసిపెట్టుకున్న జవాబే ఇప్పుడు పనికొచ్చింది. 11కు 9 కలిస్తే 20. ఇది 16 కంటే ఎక్కువ, కాబట్టి 20 రాస్తాం. అప్పటిదాకా ప్రతి పెద్ద అంకెలోనూ భాగమున్న కందిపొడి ఈ ఒక్క గడి దగ్గర పక్కకు తప్పుకుంది. దాన్ని తీసేద్దామని ఎవరూ నిర్ణయించలేదు. రెండంకెలు పోల్చినందుకే అలా జరిగింది.

కుక్కర్ వరుస కూడా నింపాక పట్టిక ఇలా ఉంటుంది:

| వస్తువు | 0 | 1 | 2 | 3 | 4 | 5 | 6 | 7 |
|---|---|---|---|---|---|---|---|---|
| ఏమీ లేదు | 0 | 0 | 0 | 0 | 0 | 0 | 0 | 0 |
| కందిపొడి (2 కిలోలు, 7) | 0 | 0 | 7 | 7 | 7 | 7 | 7 | 7 |
| ఆవకాయ (3 కిలోలు, 9) | 0 | 0 | 7 | 9 | 9 | 16 | 16 | 16 |
| అరిసెలు (4 కిలోలు, 11) | 0 | 0 | 7 | 9 | 11 | 16 | 18 | 20 |
| కుక్కర్ (5 కిలోలు, 12) | 0 | 0 | 7 | 9 | 11 | 16 | 18 | 20 |

ఒకసారి ఒక అమ్మాయి లేచి, “మేడమ్, కుక్కర్ వరుసలో అన్నీ పై అంకెలే వచ్చాయి కదా, ఆ వరుస నింపడం దండగేనా?” అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. చివరి గడిలో కుక్కర్ తీసుకుంటే 12, మిగిలిన 2 కిలోలకు పైవరుసలోని 7, మొత్తం 19. అది 20కి ఒక్క మార్కు తక్కువ. కుక్కర్ ఓడిపోయిందని తెలియాలంటే ఆ పోలిక జరగాల్సిందే. అదే కుక్కర్‌కు 12 బదులు 14 వేసి ఉంటే అక్కడ 21 వచ్చి, సర్దే సామానే మారిపోయేది.

పట్టిక మార్కుల మొత్తం చెప్పింది గానీ ఏ వస్తువులో చెప్పలేదు. దానికి కింద కుడిమూల నుంచి వెనక్కి నడవాలి. కుక్కర్ వరుసలో 20, పైన కూడా 20. అంటే కుక్కర్ లేకుండానే వచ్చింది, దాన్ని వదిలేసి పైకి వెళ్ళాలి. అరిసెల వరుసలో 20, పైన 16. అంకె మారింది కాబట్టి అరిసెలు తీసుకున్నట్టే. 4 కిలోలు తీసేసి పైవరుసలో 3 కిలోల గడికి రావాలి. అక్కడ 9, దాని పైన 7. మళ్ళీ మారింది, ఆవకాయ తీసుకున్నట్టే. 3 కిలోలు తీసేస్తే 0 కిలోల గడి, కందిపొడికి చోటు లేదు. సామాను తేలిపోయింది: ఆవకాయ, అరిసెలు, సరిగ్గా 7 కిలోలు.

ఇప్పుడు అసలు సందేహానికి వద్దాం. 20 వేసేటప్పుడు పై గడిలోని 9ని కళ్ళు మూసుకుని నమ్మేశాం. అది ఏ వస్తువులతో వచ్చిందో కూడా చూడలేదు. అలా నమ్మడం సబబేనా? అరిసెలతో కూడిన అత్యుత్తమ సర్దుబాటు ఒకటి ఉందనుకుందాం. అందులోంచి అరిసెల డబ్బా తీసేస్తే, మిగిలిన సామాను 3 కిలోల లోపు ఉంటుంది. పై రెండు వస్తువులతో 3 కిలోల్లో అంతకంటే ఎక్కువ మార్కులు తెచ్చే సర్దుబాటు ఇంకొకటి ఉంటే, ఆ పాతదాన్ని తీసి దీన్ని పెట్టి, అరిసెలు మళ్ళీ పెట్టేయొచ్చు. బరువు దాటదు, మార్కులు పెరుగుతాయి. అప్పుడు మొదట అనుకున్నది అత్యుత్తమం కానే కాదు. కాబట్టి మంచి సర్దుబాటులోని మిగతా భాగం కూడా దాని మేరకు మంచిదై తీరాలి. అమెరికాలోని రాండ్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ 1950లలో రిచర్డ్ బెల్‌మన్ ఈ సూత్రాన్ని పట్టుకుని డైనమిక్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతిని నిలబెట్టాడు. 1957లో అదే పేరుతో ఆయన పుస్తకం వచ్చింది. గడి తన గతాన్నంతా మరిచిపోయి ఒక్క అంకెను మాత్రం గుర్తుంచుకున్నా చాలునన్న ధైర్యం ఆ సూత్రం నుంచే వస్తుంది.

ఈ పని కంప్యూటర్‌కు చెప్పడానికి అయిదు వాక్యాలు చాలు:

```python
for i in range(1, n + 1):
    for w in range(W + 1):
        K[i][w] = K[i-1][w]
        if wt[i] <= w:
            K[i][w] = max(K[i][w], val[i] + K[i-1][w - wt[i]])
```

మూడో వాక్యం వదిలేయడం, చివరిది తీసుకుని పోల్చడం. `i-1` అంటే పైవరుస. పిల్లలు పొరపాటు చేసేది కూడా ఈ `i-1` దగ్గరే. పైవరుస మాత్రమే కావాలి కదా, ఇన్ని వరుసలు దాచడమెందుకని ఒకే వరుసను ఉంచి దానిమీదే కొత్త అంకెలు రాస్తుంటారు. ఆలోచన మంచిదే. కానీ ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోతే ఏమవుతుందో కందిపొడితోనే చూడండి. 2 కిలోల దగ్గర 7 రాశాం. 4 కిలోల దగ్గరికి వచ్చి రెండు గళ్ళు ఎడమకు చూస్తే 7 ఉంది, కలిపితే 14. 6 కిలోల దగ్గర 21. మన దగ్గరున్నది ఒక్క పొట్లం, సంచిలోకి మూడు పొట్లాలు ఎక్కాయి. ఎడమన చూసిన గడి పాతది కాదు, ఇప్పుడే కందిపొడి కలిపి తిరగరాసినది.

విచిత్రమేమిటంటే ప్రోగ్రామ్ ఆగిపోదు, ఎర్ర అక్షరాల్లో తప్పూ చూపించదు, దర్జాగా ఒక జవాబు ఇచ్చేస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే మొదటి వస్తువు తర్వాత వరుసను అచ్చువేసి చూడాలి. అందులో ఆ వస్తువు మార్కుల కంటే పెద్ద అంకె ఉంటే వస్తువు రెండుసార్లు దూరిందన్నమాటే. మందు తేలిక. ఒకే వరుస వాడదలిస్తే కుడి చివర నుంచి ఎడమకు నింపాలి, అప్పుడు ఎడమన చూసే గడి ఇంకా పాతదే అయి ఉంటుంది. అయితే పై వరుసలు చెరిగిపోతాయి గనుక వెనక్కి నడిచి సామాను కనుక్కోవడం కుదరదు, మొత్తం మాత్రమే తెలుస్తుంది. చేత్తో నింపేవాళ్ళకు ఇంకో సులువైన పరీక్ష ఉంది. కుడికి జరిగినా, కిందికి దిగినా అంకె ఎక్కడా తగ్గకూడదు. పెద్ద సంచి వల్ల గానీ, అదనపు వస్తువు వల్ల గానీ నష్టం రాదు, వద్దనుకుంటే వదిలేయొచ్చు కదా. ఎక్కడైనా తగ్గితే ఆ గడిలో వదిలేయడమన్న దారిని పోల్చడం మరిచిపోయారని అర్థం.

నాలుగు వస్తువులకు ఇంత శ్రమ అక్కర్లేదు. ఉన్న సర్దుబాట్లు 16, అన్నీ చేత్తో చూసేయొచ్చు. వస్తువులు 30 అయితే సర్దుబాట్లు 107 కోట్లు దాటతాయి. అదే పట్టికైతే 31 వరుసలు, 8 నిలువులు, 248 గళ్ళు. ఈ తేడా చూసి చాలామంది సమస్య తీరిపోయిందనుకుంటారు. అక్కడ తొందరపడకూడదు. పట్టిక వెడల్పు వస్తువుల సంఖ్యను బట్టి కాదు, బరువు అంకెను బట్టి ఉంటుంది. కిలోల బదులు గ్రాముల్లో తూస్తే నిలువులు 8 నుంచి 7,001కి వెళ్తాయి. అది కంప్యూటర్‌కు లెక్కలోకి రాదు. కానీ బరువులో ఒక్కో అంకె పెరిగినప్పుడల్లా పట్టిక పదిరెట్లవుతుంది. పన్నెండంకెల బరువుకు లక్ష కోట్లకు దగ్గరగా నిలువులు కావలసి రావచ్చు, వస్తువులు పదే ఉన్నా సరే. రిచర్డ్ కార్ప్ 1972లో కంప్యూటర్లకు కఠినమైన 21 సమస్యల జాబితా ఇచ్చినప్పుడు అందులో న్యాప్‌సాక్ కూడా ఉంది. దాన్ని పట్టికతో సులువుగా తీర్చేశాం కదా అనే విద్యార్థికి జవాబు ఇదే. చిన్న అంకెలున్నంతవరకే ఆ సులువు.

ఈ కష్టం మీదే భరోసా పెట్టుకుని రాల్ఫ్ మెర్కల్, మార్టిన్ హెల్‌మన్ 1978లో రహస్య సందేశాలు పంపే పద్ధతిని ప్రకటించారు. అందులో బరువులు ఎంత పెద్ద అంకెలంటే, అంత పట్టిక గీయడం ఏ యంత్రం వల్లా కాదు. 1982లో ఆది షమీర్ దాన్ని ఛేదించాడు. పట్టిక జోలికి వెళ్ళకుండా, ఆ అంకెల్ని తయారుచేసిన తీరులోని బలహీనతను పట్టుకుని గెలిచాడు.

మన పెట్టె దగ్గరికే వస్తే, పట్టికకు ఇంకో హద్దు ఉంది, దాన్ని స్లయిడ్లు సాధారణంగా చెప్పవు. మార్కులు కలుస్తూ పోతాయని మనం మొదటినుంచీ అనుకుంటున్నాం. కందిపొడికి 7, ఆవకాయకు 9, రెండూ ఉంటే 16. ఆ అమ్మాయి “రెండింట్లో ఒకటుంటే రెండోదాని అవసరం తగ్గుతుంది, రెండూ కలిపితే 13 అనుకోండి” అంటే పాత పట్టిక పనికిరాదు. ఆవకాయ వరుస నింపేటప్పుడు పై గడిలోని 7 కందిపొడి వల్ల వచ్చిందా, మరోదాని వల్లా అని తెలుసుకోవాలి, ఆ సంగతి గడి మరిచిపోయింది. అప్పుడు ఒక్కో గడిలో రెండంకెలు రాసుకోవాలి, కందిపొడి ఉన్నప్పటిది ఒకటి, లేనప్పటిది ఒకటి. అలాంటి జంటలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఎక్కువైతే, ఒక్కో గడిలో రాయాల్సిన అంకెలు కూడా పెరుగుతాయి. గళ్ళు మళ్ళీ రెట్టింపులవుతూ పోవచ్చు.